చుండ్రుకు మూడు మందులు: ఏది ఎవరికి, తల మీద ఎంతసేపు

ప్రశ్న: నా వయసు 31. కూర్మన్నపాలెంలో ఉంటాను, షిఫ్టు ఉద్యోగం, రోజుకు ఎనిమిది గంటలు హెల్మెట్టు. ఏడాదిగా చుండ్రు, దురద. జింక్ పైరిథియోన్ షాంపూ రెండు నెలలు వాడాను. తరువాత 100 మిల్లీలీటర్ల కీటోకోనజోల్ సీసా 10 రోజుల్లో అయిపోయింది కానీ తగ్గలేదు. ఇప్పుడు మందుల షాపులో సెలీనియం సల్ఫైడ్ ఇచ్చారు. ఈ మూడింటిలో ఏది బలమైనది? శనివారం రాత్రి కొబ్బరినూనె పెట్టుకుని ఆదివారం తలంటుకోవడం అలవాటు. మానేయాలా?

సమాధానం:

విశాఖ మద్దిలపాలెంలో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఫార్మసిస్టును, డాక్టరును కాను. చుండ్రు షాంపూ కోసం వచ్చేవాళ్లలో ఎక్కువ మంది మీలాగే ఒక మందు తరువాత ఒక మందు మార్చుకుంటూ వస్తారు. నేను మొదట అడిగేది సీసా ఎన్నాళ్లు వచ్చిందని. మీరు అడగకుండానే చెప్పేశారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2 శాతం కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాల పాటు వాడాలి. అంటే మొత్తం ఎనిమిది తలస్నానాలు. పొట్టి జుట్టున్న మగవాళ్లకు ఒకసారికి 8 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు చాలు. ఎనిమిది స్నానాలకు 80 మిల్లీలీటర్లు దాటదు. 100 మిల్లీలీటర్ల సీసా నెల తిరిగాక కూడా కొంచెం మిగలాలి. మీది 10 రోజుల్లో అయిపోయిందంటే రోజూ రుద్ది, నురుగు రాగానే కడిగేసి ఉంటారు. మామూలు షాంపూ వాడినట్టే వాడారన్నమాట. మందు మాడు మీద పట్టుమని అర నిమిషం కూడా నిలిచి ఉండదు. దాని మీద పోయిన డబ్బు కాలువలోకి పోయింది. ఆ మందు మీకు పనిచేయలేదని చెప్పడానికి ఇప్పటికైతే ఆధారం లేదు.

మూడింటి తేడా అర్థం కావాలంటే తలలో జరిగేది కొంచెం తెలియాలి. చుండ్రు మురికి వల్ల రాదు. మలసీజియా అనే ఈస్టు అందరి మాడు మీదా ఉంటుంది, చుండ్రు లేనివాళ్ల మాడు మీద కూడా. దానికి సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకునే శక్తి లేదు. అందుకని మన చర్మం స్రవించే జిడ్డును విడగొట్టుకుని, అందులో తనకు కావలసినవి తిని, ఓలిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. ఆ మిగిలినది కొందరి చర్మానికి పడదు. చర్మం మంట పడి, పై పొరను తొందర తొందరగా రాల్చడం మొదలుపెడుతుంది. ఒక్కొక్క కణంగా కనబడకుండా రాలాల్సింది ముద్దలుగా, పొట్టుగా ఊడుతుంది. చొక్కా భుజం మీద కనిపించేది అదే. మూడు మందులూ ఈ గొలుసులోనే తలొక చోట అడ్డుపడతాయి. ఏది ఎక్కడ అడ్డుపడుతుందో తెలిస్తే ఎలా వాడాలో కూడా తెలిసిపోతుంది.

జింక్ పైరిథియోన్ నీళ్లలో దాదాపు కరగదు. షాంపూలో అది సన్నని పొడి రేణువులుగా తేలుతూ ఉంటుంది. తల కడిగేశాక కూడా కొన్ని రేణువులు మాడు మీద, వెంట్రుకల మొదళ్ల దగ్గర అంటుకుని మిగులుతాయి. అవే ఆ తరువాత నెమ్మదిగా పనిచేస్తాయి. ఈస్టు కణంలోకి రాగిని అతిగా చేర్చి, దాని లోపలి ఇనుము, గంధకం ఉన్న ప్రోటీన్లను పాడుచేస్తుందని పరిశోధకులు గుర్తించారు. సాధారణంగా 1 శాతం ఉంటుంది, 2 శాతం దాకా ఉన్న షాంపూలూ ఉన్నాయి. ఇది మెత్తని మందు, తరచుగా వాడవలసిన మందు. వారానికి ఒక్కసారి వాడితే ప్రయోజనం లేదు. కనీసం రెండు మూడుసార్లు, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఉంచాలి. మీరు రెండు నెలలు వాడానన్నారు, వారానికి ఎన్నిసార్లో చెప్పలేదు. ఆదివారం తలంటు ఒక్కటే అయితే ఆ రెండు నెలల్లో మందు తల మీద పడింది ఎనిమిదిసార్లే.

దీని గురించి ఫోన్లలో తిరిగే భయం మాట కూడా ఒకటుంది, ఐరోపాలో నిషేధించారని. నిజమే, 2022 మార్చి నుంచి ఐరోపా యూనియన్‌లో సౌందర్య సాధనాల్లో దీన్ని వాడకూడదు. జంతువుల మీద జరిపిన పరీక్షల ఆధారంగా దీన్ని సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థాల జాబితాలో చేర్చారు. ఆ జాబితాకు ఎక్కితే అక్కడి చట్టం ప్రకారం సౌందర్య సాధనాల్లో నిషేధం దాదాపుగా దానంతటదే వచ్చిపడుతుంది. అయితే కడిగేసే చుండ్రు షాంపూల్లో 1 శాతం దాకా సురక్షితమేనని వాళ్ల శాస్త్రీయ కమిటీయే అంతకు ముందు చెప్పింది. అమెరికాలో ఇప్పటికీ డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. నా ఇంట్లో అయితే ఈ షాంపూ ఉంది. అక్కడి నిషేధం తరువాత కొన్ని కంపెనీలు దీని బదులు పైరోక్టోన్ ఓలమైన్ వేయడం మొదలుపెట్టాయి. కాబట్టి పాత పేరు చూసి కొనకండి, సీసా వెనుక సన్న అక్షరాలు చదవండి.

ఇక కీటోకోనజోల్. ఇది అచ్చంగా ఫంగస్ మందు. ఈస్టు తన కణం గోడకు లోపలి పొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని కట్టుకుంటుంది, ఇది ఆ కట్టుబడిని మధ్యలో ఆపేస్తుంది. పొర ఓటుపోయి ఈస్టు పెరగలేదు. దీని గొప్పతనం ఇంకొకటుంది. చర్మం పై పొరలోని కెరాటిన్‌కు ఇది అంటిపెట్టుకుంటుంది. అందుకే వారానికి రెండుసార్లు చాలు. కానీ అంటుకోవడానికి దానికి వ్యవధి కావాలి, మూడు నుంచి ఐదు నిమిషాలు. రోజూ అర నిమిషం చొప్పున వాడితే మొత్తం కలిపి సరిపోతుంది కదా అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. బియ్యం పది నిమిషాలు ఉడికించాలంటే పదిసార్లు పొయ్యి మీద పెట్టి నిమిషానికొకసారి దించేస్తే అన్నం అవుతుందా?

కీటోకోనజోల్ మాత్రలు కాలేయాన్ని దెబ్బతీస్తాయని 2013లో అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు గట్టి హెచ్చరికలు ఇచ్చాయి. ఆ కబురు విని షాంపూకు కూడా భయపడేవాళ్లున్నారు. అది మింగే మందు గురించి. షాంపూగా చాలాకాలం వాడినవాళ్ల రక్తంలో ఈ మందు కొలవగలిగినంత కూడా కనబడలేదు.

బలం అడిగారు కాబట్టి చెబుతాను. చుండ్రు తీవ్రంగా ఉన్నవాళ్ల మీద 2 శాతం కీటోకోనజోల్‌ను, 1 శాతం జింక్ పైరిథియోన్‌ను నాలుగు వారాలు పోల్చి చూసిన ఒక పరీక్షలో మొదటిదానితో 73 శాతం, రెండోదానితో 67 శాతం మెరుగుదల కనిపించింది. తేడా ఉంది, కానీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత కాదు. వాడకం ఆపేశాక మళ్లీ రావడం కూడా కీటోకోనజోల్ వాడినవాళ్లలో తక్కువే. నేను దీనికే మొగ్గు చూపడానికి అసలు కారణం అదీ. అయితే రెండో మందును సరిగ్గా వాడినవాడు, మొదటి మందును తప్పుగా వాడినవాడి కంటే ఎప్పుడూ ముందుంటాడు.

సెలీనియం సల్ఫైడ్ సంగతి వేరు. అది ఈస్టును తగ్గిస్తుంది, దానితోపాటు చర్మ కణాలు తొందరపడి పుట్టుకు రావడాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. అంటే గొలుసుకు రెండు చోట్ల అడ్డం. మన దగ్గర ఎక్కువగా దొరికేది 2.5 శాతం. ఆ సీసాను కదపకుండా వెలుగుకు పట్టి చూడండి, అడుగున నారింజ రంగు మడ్డి పేరుకుని ఉంటుంది. మందు ఆ మడ్డిలోనే ఉంది. కదపకుండా వంచుకుంటే మొదటి నాలుగైదు స్నానాలకు నురుగు మాత్రమే వస్తుంది, చివరి నాలుగైదింటికి మందు ముద్దగా పడి మాడు మండుతుంది. ‘మొదట పనిచేయలేదు, తరువాత పడలేదు’ అని సీసా తెచ్చి బల్ల మీద పెట్టినవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. ప్రతిసారీ బాగా కుదిపి వాడాలి.

దీన్ని వారానికి రెండుసార్లు, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు, రెండు వారాల పాటు వాడతారు. ఆ పైన వారానికొకసారి, ఇంకా తక్కువ సరిపోతే ఇంకా తక్కువ. దీనికున్న చిక్కులు కూడా ముందే తెలుసుకోండి. కొద్దిగా గంధకం వాసన వస్తుంది. నెరిసిన జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు పసుపు, నారింజ ఛాయ తెస్తుంది. కొందరికి మాడు ఎండిపోతుంది, కొందరికి తిరగబడి జిడ్డు పెరుగుతుంది. గోకి గోకి పుండు పడిన మాడు మీద వాడకూడదు, అక్కడి నుంచి ఒంటిలోకి ఇంకుతుంది. గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు. నగలు తీసేయాలి. షాపు పెట్టిన కొత్తలో ఆ మాట చదివి కూడా లెక్కచేయకుండా వేలికి వెండి ఉంగరంతోనే తలంటుకున్నాను. మధ్యాహ్నానికి ఉంగరం చింతగింజలా నల్లబడింది. మా ఆవిడ దాన్ని చింతపండు పెట్టి తోమి తోమి, మళ్లీ అలా చేస్తే ఉంగరం ఉండదని చెప్పింది.

కడిగేటప్పుడు మిగతా రెండింటి కంటే దీన్ని ఎక్కువసేపు కడగాలి. చెవుల వెనుక, మెడ మీద మందు నిలిచిపోతే అక్కడ చర్మం ఎర్రబడుతుంది.

ఇప్పుడు ఒకరి సంగతి చెబుతాను, మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. మల్కాపురం వైపు నుంచి వచ్చే ఒక వెల్డరు. తల చుట్టూ గుడ్డ, దాని మీద హెల్మెట్టు, లోపల చెమట. మన ఊరి గాలిలో చెమట ఆరేది ఎప్పుడు? షాపు బయట స్టూలు మీద కూర్చోబెట్టి దువ్వెన తోకతో పాపిట తీసి చూశాను. పొడిగా రాలే తెల్ల పొట్టు కాదు. పసుపు రంగులో, జిడ్డుగా, మాడుకు అంటుకుపోయిన పొరలు. గోటితో కదిపితే కింద చర్మం గులాబీ రంగులో ఉంది. కనుబొమ్మల్లో, ముక్కు పక్క ముడతల్లో కూడా అదే పొట్టు. చుండ్రు ముదిరి మంటతో కూడిన ఈ స్థితిని డాక్టర్లు సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. చర్మ డాక్టరుకు చూపించుకోమన్నాను. ఆయనా అదే చెప్పి కీటోకోనజోల్ షాంపూ రాశారు.

మూడు వారాలకు మనిషి మళ్లీ వచ్చాడు, తగ్గలేదని. ఎలా వాడుతున్నావో చేసి చూపించమన్నాను. అరచేతిలో పోసుకున్నట్టు, జుట్టు పైపైన రుద్దినట్టు చూపించాడు. వేళ్లు మాడుకు తగలనే లేదు. పైగా అతనికి కూడా రాత్రి నూనె పెట్టుకునే అలవాటు. నూనె మీద, మందమైన పొర మీద పోసిన మందు చర్మం దాకా చేరే దారి లేదు.

అతనికి చెప్పిన పద్ధతే మీకూ చెబుతున్నాను. కీటోకోనజోల్‌కు బుధవారం, ఆదివారం పెట్టుకోండి. ముందు ఏదైనా మామూలు షాంపూతో ఒకసారి కడిగి జిడ్డు వదిలించండి. నీళ్లు పిండేసి, పాపిట తీస్తూ, వేలి కొసతో మందు షాంపూను మాడుకే పట్టించండి. నుదుటి అంచు, చెవుల పైన, వెనుక మెడ దాకా. గోళ్లతో గీకవద్దు. ఫోనులో ఐదు నిమిషాలు టైమరు పెట్టి ఒంటికి సబ్బు రుద్దుకోండి, గడ్డం గీసుకోండి. కళ్లలోకి కారకుండా చూసుకోండి. టైమరు మోగాకే కడగండి. మిగతా రోజుల్లో చెమట పడితే జింక్ పైరిథియోన్ షాంపూతో ఒకటి రెండుసార్లు కడుక్కోవచ్చు, అది కూడా రెండు నిమిషాలు ఉంచి. ఒకే రోజు రెండు మందులూ కలపవద్దు, మాడు ఎండిపోతుంది.

వెల్డరుకు పొర మందంగా ఉంది కాబట్టి మొదటి వారం డాక్టరు సాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూ కూడా వాడమన్నారు. అది ఈస్టును చంపడానికి కాదు, పొరను నానబెట్టి ఊడదీయడానికి. మీ పొట్టు పొడిగా రాలుతుంటే మీకది అక్కర్లేదు.

ఈ పద్ధతిలో రెండో వారానికి అతని దురద పోయింది. ముందు పోయేది దురదే, పొట్టు ఆలస్యంగా పోతుంది. కాబట్టి రెండో వారంలో భుజం మీద పొట్టు చూసి మందు మార్చకండి. నాలుగో వారానికి పాపిట శుభ్రంగా ఉంది. అంతటితో మానేశాడు. మూడు నెలలకు మళ్లీ అదే స్టూలు మీద కూర్చున్నాడు. ఈస్టును పూర్తిగా తుడిచిపెట్టే షాంపూ ఏదీ లేదు, తగ్గించి ఉంచేవే ఉన్నాయి. నాలుగు వారాల తరువాత కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి అదే కీటోకోనజోల్, అదే ఐదు నిమిషాలు కొనసాగించాలి. ఇప్పుడు అతను జీతం రాగానే ఒక సీసా తీసుకెళితే అది రెండు నెలలకు పైగా వస్తోంది.

మీ చేతిలో ఉన్న సెలీనియం సల్ఫైడ్ సీసాను పారేయనక్కర్లేదు. మూత పెట్టి పక్కన ఉంచండి. కీటోకోనజోల్‌ను పద్ధతిగా నాలుగు వారాలు వాడాక కూడా జిడ్డు, దురద సగానికి తగ్గకపోతే, మాడు మీద పుండ్లు లేకపోతే, జుట్టుకు రంగు వేయనివాళ్లయితే అప్పుడు దాని వంతు. తోలు దళసరిగా పొట్టు లేచేవాళ్లకు అది కొన్నిసార్లు మిగతావాటి కంటే బాగా పనిచేయడం చూశాను.

నూనె గురించి. ఇది అందరికీ మనసు నొచ్చే విషయమని తెలుసు, మా అమ్మ దగ్గర నేనే చెప్పలేకపోయాను. నూనె జుట్టుకు మేలే, కానీ మాడు మీద రాత్రంతా నిలిచిన నూనె ఆ ఈస్టుకు భోజనం. ప్రయోగశాలలో దీన్ని పెంచాలంటే పోషక పదార్థం మీద ఆలివ్ నూనె పోస్తారు. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలు కూడా దానికి పనికొచ్చే రకమే. చుండ్రు అదుపులోకి వచ్చేదాకా రాత్రి నూనె మానేయండి. ఆ తరువాత మానలేకపోతే వెంట్రుకల చివరలకు రాసి, గంటలో కడిగేయండి. కుంకుడు రసం జిడ్డును బాగానే వదిలిస్తుంది, మొదటి కడుగుకు దాన్ని వాడుకోవచ్చు, కళ్లు జాగ్రత్త. దానితోనే చుండ్రు పోతుందని మాత్రం నేను చెప్పను.

హెల్మెట్టు చుండ్రు తెప్పించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. లోపలి మెత్త ఊడివచ్చే రకమైతే వారానికోసారి ఉతికి ఎండలో వేయండి. తడి జుట్టు మీద హెల్మెట్టు పెట్టకండి. తెల్లవారుజాము షిఫ్టు ఉన్న రోజు తలస్నానం ముందు రోజు సాయంత్రమే చేసుకోండి.

కొన్ని లక్షణాలు కనబడితే ఈ సీసాలతో కాలయాపన చేయకూడదు. వెండిరంగు మందపు పొర నుదుటి మీదకు దిగినా, మోచేతుల మీద, మోకాళ్ల మీద కూడా ఉన్నా అది సోరియాసిస్ కావచ్చు. పిల్లల తలలో పొట్టుతోపాటు గుండ్రంగా జుట్టు ఊడితే తామర కావచ్చు, దానికి కడుపులోకి మందు కావాలి, షాంపూ ఒక్కటే చాలదు. జుట్టుకు రంగు వేసిన మర్నాడు మొదలైన మంట, దురద అయితే ఆ రంగు పడలేదని అర్థం. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు షాపులో అడిగి పూసుకోవద్దు. అవి మూడు రోజులు హాయిగా ఉంచి, తామరనైతే తలంతా పాకిస్తాయి.

చెప్పినట్టు నాలుగు వారాలు చేసి కూడా మార్పు లేకపోతే కేజీహెచ్ చర్మవ్యాధుల విభాగానికి గాని, దగ్గరలోని చర్మ డాక్టరు దగ్గరకు గాని వెళ్లండి. వెళ్లే ముందు రెండు మూడు రోజులు మందు షాంపూ, నూనె రెండూ ఆపండి. లేకపోతే డాక్టరుకు చూడడానికి, గీరి పరీక్షకు పంపడానికి పొట్టు మిగలదు. వాడిన మూడు సీసాలూ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.